రాత్రి వచ్చిన మెసేజ్‌కు జవాబు ఎప్పుడివ్వాలి?

(నల్గొండలో ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులు, టీమ్ లీడ్‌ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట నుంచి కూడా వచ్చారు, సంతోషం. మీలో చాలామంది అమెరికా క్లయింట్ల పని చేస్తున్నారు. అందుకే ఈ రోజు ఒక్క విషయమే మాట్లాడతాను. డ్యూటీ అయిపోయాక వచ్చే మెసేజ్‌కు జవాబు ఎప్పటిలోగా ఇవ్వాలో టీమ్ మొత్తం కలిసి ఎట్లా నిర్ణయించుకోవాలి, ఆ నిర్ణయం నిలబడాలంటే ఏమేం కావాలి అన్నది.

రాత్రి పదకొండుకు మెసేజ్ వస్తే మనకు టెన్షన్ ఎందుకొస్తుంది? అందులో పెద్ద పనేమీ ఉండకపోవచ్చు. "ఆ రిపోర్ట్ ఒకసారి చూస్తారా" అని మాత్రమే ఉండొచ్చు. కానీ అది ఇప్పుడే చూడాలా, పొద్దున చూసినా సరిపోతుందా అన్నది మెసేజ్‌లో ఉండదు. పంపిన మనిషి మనసులో ఒకటి ఉంటుంది, చదివిన మనిషి ఇంకొకటి అనుకుంటాడు. ఎటూ తేలక లేచి లాప్‌టాప్ తెరుస్తాడు. మరుసటి రోజు "నిన్న రాత్రే చూశారా, థాంక్స్" అని క్లయింట్ రాస్తాడు. దాంతో ఇక రాత్రి జవాబివ్వడం అలవాటైపోతుంది. ఎవరూ రూల్ పెట్టలేదు, అయినా రూల్ తయారైంది. దాని స్థానంలో మనం కూర్చుని రాసుకున్న రూల్ ఒకటి పెట్టాలి.

ముందు గడియారం సంగతి చూద్దాం. ఒక టీమ్‌ను ఊహించుకుందాం. ఇక్కడ ఐదుగురున్నారు. లీడ్ నల్గొండలో, మిగతా నలుగురు మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ, మహబూబ్‌నగర్‌లో ఇళ్ల నుంచి పనిచేస్తారు. క్లయింట్ షికాగోలో ఉన్నాడు. ఎండాకాలం టైమ్ నడిచేటప్పుడు షికాగో మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ ఉదయం 8:30 అంటే ఇక్కడ సాయంత్రం 7. అక్కడ సాయంత్రం 5కు వాళ్లు పని ముగిస్తే మనకు తెల్లవారుజామున 3:30 అవుతుంది. అంటే క్లయింట్ పనిరోజు మొత్తం మన సాయంత్రం, రాత్రిలోనే ఉంటుంది. రాత్రి మెసేజ్ పంపినందుకు అతన్ని తప్పు పట్టలేం, అతనికి అది మధ్యాహ్నం. మెసేజ్‌లు రాత్రి రాకుండా ఆపాలని చూస్తే ఈ పని ఎప్పటికీ తెగదు. రానివ్వాలి. జవాబు ఎప్పటిలోగా వస్తుందో అతనికి ముందే తెలిసి ఉండాలి, అంతే.

మన టీమ్ మధ్యాహ్నం 12:30 నుంచి రాత్రి 9:30 దాకా పనిచేస్తుంది అనుకుందాం, మధ్యలో ఒక గంట విరామం. సాయంత్రం 7 నుంచి 9:30 దాకా రెండు పక్కలా మనుషులు ఉంటారు. మీటింగులన్నీ ఆ రెండున్నర గంటల్లోనే పెట్టుకోవాలి.

ఇక్కడే చాలా టీమ్‌లకు తెలియకుండా జారిపోయే చోటు ఒకటుంది. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు వస్తుంది. మీ స్టాండప్ మీటింగ్‌ను క్యాలెండర్‌లో షికాగో టైమ్‌తో పెట్టి ఉంటే, నవంబర్‌లో అది మనకు 7 నుంచి 8కి జరిగిపోతుంది. మీ షిఫ్ట్ మాత్రం 9:30కే ముగుస్తుందని రాసి ఉంటుంది. కలిసి ఉండే సమయం గంటన్నరకు తగ్గుతుంది, మిగిలిన గంట మాటలు రాత్రి పదిన్నర దాకా సాగుతాయి. అందుకని ఒప్పందంలోనే రాసుకోవాలి: చలికాలంలో షిఫ్ట్ 1:30 నుంచి 10:30 దాకానా, లేక అదే షిఫ్ట్ ఉంచి మీటింగులు తగ్గించడమా. ఏదైనా ఫరవాలేదు, అక్టోబర్‌లోనే మాట్లాడి తేల్చుకోండి. ఆ నాలుగు నెలలు షిఫ్ట్ ఎవరికీ చెప్పకుండా పది గంటలు కాకూడదు.

ఇప్పుడు జవాబు గడువు. ఒక్కో దారికి ఒక్కో గడువు పెట్టాలి. చాట్‌లో వచ్చిన మెసేజ్‌కు రెండు పని గంటలు. ఈమెయిల్‌కు, టికెట్ మీద రాసిన కామెంట్‌కు ఒక పని రోజు. ఫోన్ కాల్ అయితే వెంటనే. అయితే డ్యూటీ దాటాక ఫోన్ కాల్ అన్నది ఎమర్జెన్సీకి మాత్రమే. చాట్‌కు రెండు గంటలు ఎందుకు, పది నిమిషాలు ఎందుకు పెట్టకూడదని మేనేజర్లు అడుగుతారు. పది నిమిషాలు పెడితే పగటి పూట కూడా ఎవరూ గంటసేపు కుదురుగా కోడ్ రాయలేరు. పగలు మిగిలిన పని రాత్రికి వస్తుంది. రాత్రి ప్రశాంతంగా ఉండాలంటే పగటి గడువు కూడా మనిషి పనిచేసుకునేంత విశాలంగా ఉండాలి.

ఇందులో అతి ముఖ్యమైన మాట "పని గంటలు". మంగళవారం రాత్రి 11కు మెసేజ్ వచ్చింది. రెండు గంటల గడువు రాత్రి ఒంటిగంటకు ముగియదు. బుధవారం మధ్యాహ్నం 12:30కి మొదలై 2:30కి ముగుస్తుంది. ఈ ఒక్క ఉదాహరణను ఒప్పందంలో అట్లాగే రాసి పెట్టండి. లేకపోతే ఒక్కొక్కరు ఒక్కో రకంగా లెక్కపెడతారు.

దీంతో క్లయింట్‌కు ఎంత నష్టమో కూడా చూద్దాం, ఎందుకంటే భయమంతా అక్కడే ఉంది. అతను మెసేజ్ పంపింది షికాగోలో మధ్యాహ్నం 12:30కి. మనం బుధవారం 2:30కి జవాబిస్తే అక్కడ తెల్లవారుజామున 4. అతను 8:30కి కుర్చీలో కూర్చునేసరికి జవాబు ఎదురుగా ఉంటుంది. మనం రాత్రంతా మేలుకుని ఉంటే అతనికి దక్కేది ఒక మధ్యాహ్నం. శుక్రవారమైనా లెక్క అంతే. శుక్రవారం వాళ్ల మధ్యాహ్నం అడిగిన దానికి మనం సోమవారం 2:30కి జవాబిచ్చినా, సోమవారం పొద్దున వాళ్లు పని మొదలుపెట్టేలోపే అది చేరుతుంది. మన శని, ఆదివారాలు పూర్తిగా మనవే. ఈ లెక్కను క్లయింట్ ముందు పెట్టి మాట్లాడండి. "మా వాళ్లకు విశ్రాంతి కావాలి" అని మొదలుపెట్టే కన్నా, "మీరు రోజూ పొద్దున కూర్చునేసరికి ముందు రోజు చాట్‌లో అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు ఉంటాయి" అంటే అతను తొందరగా ఒప్పుకుంటాడు. అది నిజం కూడా.

కానీ దీనికి ఒక షరతు ఉంది. జవాబు ఒక్కసారిలో పూర్తి కావాలి. అతను "డేటా తప్పుగా వస్తోంది" అని రాస్తాడు. మనం మరుసటి రోజు "ఏ కస్టమర్ డేటా" అని అడుగుతాం. అతను ఆ రాత్రి చెబుతాడు. మనం ఆ మరుసటి రోజు "ఏ తేదీది" అంటాం. పది నిమిషాల పని మూడు రోజులు పడుతుంది. క్లయింట్‌కు ఓపిక పోయి రాత్రి ఫోన్ చేస్తాడు, అప్పుడు అతన్ని ఏమనగలం? వట్టి "హాయ్" అని పంపి అవతలి వాళ్ల కోసం ఎదురుచూడటం కూడా ఇట్లాంటిదే. మనకు ఒక ప్రశ్నకు ఒక రోజు ఖర్చవుతుంది. అందుకే మొదటి మెసేజ్‌లోనే ఏ స్క్రీన్, ఏ కస్టమర్, ఎప్పటి నుంచి, ఏం రావాలి, ఏం వస్తోంది అన్నీ ఉండాలి.

అదే కారణంతో షిఫ్ట్ చివరి 20 నిమిషాలు హ్యాండోవర్‌కు కేటాయించాలి. 9:10కి చేతిలో పని ఆపి ఒక నోట్ రాయాలి. ఈ రోజు ఏం పూర్తయింది, ఏది ఎక్కడ ఆగింది, మీ నుంచి ఏం కావాలి. చివర్లో ఇంకొక వాక్యం ఉండాలి: "మీ జవాబు రాకపోతే రేపు ఫలానా పద్ధతిలో ముందుకు వెళ్తాం." ఈ వాక్యం విలువ చాలా ఎక్కువ. అది ఉంటే క్లయింట్ రాత్రి మనల్ని వెతుక్కోనక్కర్లేదు, అతను మౌనంగా ఉన్నా మన పని ఆగదు. డబ్బు, కస్టమర్ డేటా తాకే నిర్ణయాలకు మాత్రం ఈ వాక్యం వాడకండి. వాటికి స్పష్టమైన అనుమతి వచ్చేదాకా ఆగి, వేరే పని పట్టుకోవాలి.

డ్యూటీ తర్వాత హాయిగా ఉండలేకపోతున్న టీమ్‌లను దగ్గరగా చూస్తే చాలాసార్లు హ్యాండోవర్ నోట్ లేకపోవడమే కనిపిస్తుంది. లాప్‌టాప్ మూసిన తర్వాత కూడా "అది చెప్పానా, లేదా" అని తలలో తిరుగుతూ ఉంటుంది. ఫోన్ ఆపినా అది ఆగదు.

ఇక ఎమర్జెన్సీ. మిగతా దారులన్నీ ధైర్యంగా మూసుకోవాలంటే ఒక్క దారి గట్టిగా తెరిచి ఉండాలి. ఏది ఎమర్జెన్సీ అన్నది మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. కస్టమర్లు లాగిన్ కాలేకపోవడం, చెల్లింపులు ఆగిపోవడం, డేటా పోవడం లేదా బయటికి పొక్కడం, ఆ రాత్రికే పెట్టుకున్న రిలీజ్ విఫలం కావడం. "పెద్ద సార్ అడుగుతున్నారు" అన్నది ఎమర్జెన్సీ కాదు. రేపటి మీటింగ్‌కు స్లైడ్లు కావాలన్నదీ కాదు.

ఎమర్జెన్సీ వస్తే చాట్ చేయకూడదు, ఫోనే చేయాలి. అదీ అందరికీ కాదు. వారానికి ఒకరు ఆన్‌కాల్, వాళ్లకు తోడు ఇంకొకరు. మొదటి వాళ్లు 15 నిమిషాల్లో అందకపోతే రెండో వాళ్లకు, వాళ్లూ అందకపోతే లీడ్‌కు. ఐదుగురున్న మన టీమ్‌లో ఒక్కొక్కరికి ఐదు వారాలకు ఒకసారి మొదటి వంతు వస్తుంది. ఇంకొక వారం తోడు వంతు. మిగతా మూడు వారాల్లో లీడ్ తప్ప ఎవరైనా ఫోన్ పూర్తిగా సైలెంట్‌లో పెట్టి పడుకోవచ్చు.

మన జిల్లాల్లో ఇంకొక జాగ్రత్త కావాలి. గాలిదుమారం వస్తే ఒక ప్రాంతమంతా కరెంటు పోతుంది, దాంతో పాటే ఇంటి వైఫై, కొన్నిసార్లు టవర్ కూడా పోతాయి. అందుకని మొదటి మనిషి దేవరకొండలో ఉంటే రెండో మనిషి సూర్యాపేటలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉండేటట్టు జత కలపండి. ఇద్దరూ ఒకే ఊరి వాళ్లైతే ఒకే గాలికి ఇద్దరూ అందకుండా పోతారు. ఎమర్జెన్సీ కాల్ ఇంటర్నెట్ కాల్ కాకుండా మామూలు సిమ్ కాల్ అయి ఉండాలి.

ఆన్‌కాల్ మనిషి ఫోన్‌ను ఎట్లా పెట్టుకోవాలి? ఆండ్రాయిడ్‌లో Do Not Disturb పెట్టి, ఎమర్జెన్సీ నంబర్‌ను స్టార్ కాంటాక్ట్ చేసి, స్టార్ ఉన్నవాళ్ల కాల్స్ మాత్రమే రానివ్వొచ్చు. Repeat callers అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే మోగుతుంది. పెట్టుకున్నాక వదిలేయకండి. నెలకొకసారి ముందే చెప్పిన టైమ్‌కు ఉత్తుత్తి కాల్ చేసి చూడండి. ఫోన్ మార్చినప్పుడు సెట్టింగ్‌లు పోతాయి, అసలు రోజున కాల్ మోగదు.

రాత్రి లేచి పనిచేసిన మనిషికి మరుసటి రోజు ఆలస్యంగా మొదలుపెట్టే హక్కు ఉండాలి. రెండు గంటలు పనిచేస్తే కనీసం రెండు గంటలు. ఎక్కువైతే కాంప్ ఆఫ్. ఇది అడిగి తీసుకునేది కాకుండా, దానంతటదే వచ్చేది కావాలి. అడగాల్సి వస్తే కొత్తగా చేరిన పిల్లలు అడగరు.

డ్యూటీ తర్వాత పని మెసేజ్‌లకు దూరంగా ఉండే హక్కుకు కొన్ని దేశాల్లో చట్టాలున్నాయి. ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి అమలులో ఉన్నాయి. ఆస్ట్రేలియా చట్టంలో మనకు పనికొచ్చేది ఒకటుంది. డ్యూటీ తర్వాత జవాబివ్వకపోవడం సమంజసమా కాదా అని తేల్చడానికి కొన్ని విషయాలు చూస్తారు: ఎందుకు సంప్రదించారు, ఎట్లా సంప్రదించారు, అదనపు సమయానికి ఏమైనా చెల్లిస్తున్నారా, ఆ మనిషి బాధ్యత ఎంతటిది, ఇంటి పరిస్థితి ఏమిటి. మన దేశంలో పార్లమెంటులో ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు గానీ చట్టం కాలేదు. అయినా ఈ ప్రశ్నలు ఎదురుగా పెట్టుకుని మీ ఒప్పందం రాసుకుంటే ఏదీ మరిచిపోరు.

లీడ్‌లతో ఒక మాట. ఒప్పందం మీద అందరూ సంతకం పెట్టినా, మీరు రాత్రి 11:40కి మెసేజ్ పంపితే టీమ్ చదివేది దాన్నే. "ఇప్పుడు జవాబివ్వనక్కర్లేదు" అని రాసినా ఫోన్ మోగేది మోగుతుంది, మనిషి చదివేది చదువుతాడు. మీకు ఆ టైమ్‌లో ఆలోచన వస్తే రాసుకోండి, కానీ Schedule send వాడి మరుసటి రోజు 12:30కి పంపండి. జీమెయిల్‌లో, స్లాక్‌లో, టీమ్స్‌లో ఈ సదుపాయం ఉంది. పిల్లల్ని పడుకోబెట్టి రాత్రి పనిచేసుకోవడమే వీలయ్యే వాళ్లు కూడా టీమ్‌లో ఉంటారు. వాళ్లను ఆపకండి. వాళ్లు పని రాత్రి చేసుకోవచ్చు, పంపడం మాత్రం మరుసటి రోజు డ్యూటీ మొదలయ్యాకే జరగాలి. అట్లాగే అప్రైజల్‌లో "ఎప్పుడడిగినా అందుబాటులో ఉంటాడు" అని పొగడకండి. ఆ ఒక్క వాక్యం మీ ఒప్పందాన్ని కొట్టేస్తుంది.

వాట్సాప్ గ్రూపుల్లో పని మాటలు ఆపేయాలని నా గట్టి అభిప్రాయం. అమ్మ ఫోటో, మేనేజర్ ప్రశ్న ఒకే చోట వస్తే ఫోన్ పక్కన పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. పని చాట్ యాప్‌ను కంపెనీ అనుమతిస్తే ఆండ్రాయిడ్ వర్క్ ప్రొఫైల్‌లో పెట్టుకోండి. ఒక్క బటన్‌తో పని యాప్‌లన్నీ ఆగుతాయి, ఇంటివి నడుస్తాయి.

పండగల సంగతి కూడా రాసుకోవాలి. సద్దుల బతుకమ్మ రోజు ఆడవాళ్లు బతుకమ్మ ఆడే సాయంత్రమే మన క్లయింట్‌తో మాట్లాడే సమయం. షికాగోలో ఉన్నవాళ్లకు అది తెలిసే అవకాశం లేదు. క్యాలెండర్‌లో మూడు నెలల ముందే పెట్టండి. చెరువుగట్టు జాతర ఉన్నా, ఇంట్లో వడ్లు కాంటా అయ్యే రోజున్నా అంతే, చెప్పి సెలవు పెట్టండి. సగం డ్యూటీ, సగం పొలం అని ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగితే రెండూ కుదరవు.

ఒప్పందం పనిచేస్తోందో లేదో నెల తర్వాత చూడాలి. 9:30 తర్వాత వెళ్లిన మెసేజ్‌లు తీసి, మొదలుపెట్టింది ఎవరో చూడండి. చాలాసార్లు మొత్తం టీమ్ కాదు, ఒకరిద్దరే ఉంటారు, వాళ్లతో విడిగా మాట్లాడితే సరిపోతుంది. ఎమర్జెన్సీ కాల్స్ వచ్చి ఉంటే కారణాలు రాయండి. ప్రతి వారం రాత్రి రెండింటికి అదే బ్యాచ్ జాబ్ ఆగిపోతోంది అనుకోండి, అది ఆన్‌కాల్ సమస్య కాదు. ఆ జాబ్‌ను పగటి పనిలో పెట్టి బాగుచేయాలి. కాల్స్ ఏమీ లేవు, అయినా మనుషులు రాత్రి జవాబిస్తూనే ఉన్నారంటే ఎవరికో భయం మిగిలి ఉంది. అది మెసేజ్‌ల లెక్కలో దొరకదు, ఒక్కొక్కరితో కూర్చుని అడగాలి.

ప్రశ్నలుంటే అడగండి.

"మేడం, లీడ్‌కు తెలియకుండా క్లయింట్ నేరుగా నా వాట్సాప్‌కే రాస్తాడు. నేను చేరి ఆరు నెలలే. జవాబివ్వకపోతే ఏమనుకుంటాడో అని భయం."

అమ్మా, మీ ఒక్కరి మీద ఈ భారం ఉండకూడదు. రాత్రి జవాబివ్వకండి. మరుసటి రోజు డ్యూటీ మొదలవగానే ఆ ప్రశ్నను మీ టీమ్ చాట్‌లోకి తెచ్చి, జవాబు అక్కడ పూర్తిగా రాయండి. వాట్సాప్‌లో "మీ ప్రశ్నకు జవాబు ప్రాజెక్ట్ చాట్‌లో పెట్టాను, అక్కడ టీమ్ మొత్తం చూస్తుంది కాబట్టి మీకు తొందరగా అందుతుంది" అని మాత్రం రాయండి. రెండు మూడు సార్లు ఇట్లా చేస్తే అతనే అక్కడికి వస్తాడు. రాకపోతే మీ లీడ్ మాట్లాడాలి. లీడ్ గారు ఇక్కడే ఉన్నారా? మంచిది సార్, ఈ వారంలోనే మాట్లాడండి.

"మేడం, మా ఇంట్లో సమస్య తిరగేసి ఉంది. ఇంట్లోనే ఉన్నావు కదా అని మధ్యాహ్నం మూడింటికి బ్యాంకుకు పంపుతారు, మిల్లుకు పంపుతారు. ఆ పని రాత్రికి మిగులుతుంది."

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇది చాలా ఇళ్లలో ఉంది. క్లయింట్‌కు రాసినట్టే ఇంటికీ టైమ్ చెప్పాలి. "12:30 నుంచి డ్యూటీ, మీ పని ఏదైనా పొద్దున 11లోపు చేసిపెడతాను" అని చెప్పండి. మీ షిఫ్ట్‌లో ఉన్న మేలు అదే, బ్యాంకు తెరిచే వేళకు మీరు ఖాళీగా ఉంటారు. తప్పనిసరిగా మధ్యాహ్నం వెళ్లాల్సి వస్తే టీమ్ చాట్‌లో "3 నుంచి 4 దాకా ఉండను" అని పెట్టి వెళ్లండి. అయితే ఆ గంటను రాత్రి 10:30కి పూడ్చకండి, మరుసటి రోజు 11:30కి కూర్చోండి. రాత్రి పూడిస్తే మీ మెసేజ్‌లు మళ్లీ ఇంకొకరి ఫోన్‌లో మోగుతాయి.